కుదరని గడువుకు కాదని చెప్పి, విడతలవారీ డెలివరీకి ఒప్పించడం ఎలా? తిరుపతి లాడ్జిల సాఫ్ట్‌వేర్ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

"ఆ డేట్‌కి కాదు సార్" అని ఎలా చెప్పాలని టీమ్ లీడ్‌లు తరచూ అడుగుతుంటారు. నిజానికి ఆ మాట అనడం అంత కష్టం కాదు. అన్న మరుక్షణం ఎదుటివాళ్లు "మరి ఏ డేట్‌కి ఏం ఇస్తావు?" అని అడుగుతారు. అప్పుడు చేతిలో ఒక కాగితం ఉండాలి. ఆ కాగితం తయారు చేసుకోవడం, దాన్ని ఎవరి ముందు ఏ వరుసలో పెట్టాలో చూసుకోవడం గురించే ఈ మార్గదర్శి.

ఉదాహరణగా తిరుపతిలోని ఒక చిన్న టీమ్ కథ తీసుకుంటున్నాను. నలుగురు డెవలపర్లు, ఒక టెస్టర్, ఒక లీడ్. క్లయింట్‌కు బస్టాండ్ పరిసరాల్లో మూడు లాడ్జిలు, అన్నీ కలిపి 120 గదులు ఉన్నాయి. అప్పటిదాకా గదులన్నీ రిజిస్టర్ పుస్తకాల మీదే నడిచేవి.

ఆయన అడిగినవి పది: గదుల క్యాలెండర్, కౌంటర్‌లో చెక్-ఇన్ చెక్-అవుట్, జీఎస్టీ బిల్లు, వెబ్‌సైట్‌లో బుకింగ్, ఎస్సెమ్మెస్‌లు, రద్దు-రీఫండ్, ట్రావెల్ సైట్లతో అనుసంధానం, ఆడిటర్‌కు రిపోర్టులు, గదులు శుభ్రం చేసేవాళ్ల పని పట్టిక, యజమానికి మొబైల్ యాప్. గడువు శ్రీవారి బ్రహ్మోత్సవాల ధ్వజారోహణం. అప్పటికి మిగిలింది ఎనిమిది వారాలు. మేనేజర్ ఫోన్‌లోనే "అయిపోతుంది సార్" అనేశాడు. ఆ మాట తర్వాతే పని జాబితా లీడ్ చేతికి వచ్చింది.

1. వెంటనే అవునూ కాదూ అనకండి, రెండు రోజులు తీసుకోండి

గడువు విన్న వెంటనే "కాదు" అంటే ఓపిక లేనివాళ్లమని అనుకుంటారు. "ట్రై చేస్తాం" అంటే ఒప్పుకున్నట్టే లెక్క. మన దగ్గర "చూస్తాం లెండి" అన్న మాటను మనం మొహమాటానికి అంటాం, వినేవాళ్లు మాత్రం ఖాయమనుకుంటారు. కాబట్టి ఆ రెండూ వద్దు.

లీడ్ పంపిన జవాబు ఇంతే: "జాబితా చూశాను సార్. ఎల్లుండి సాయంత్రం నాలుగింటికి, ఏది ఏ తేదీకి అవుతుందో రాసుకుని వస్తాను." గంటతో సహా చెప్పడం ముఖ్యం. లేకపోతే ఈ రెండు రోజుల్లో ఎవరో ఒకరు మీ తరఫున ఇంకో మాట ఇచ్చేస్తారు.

2. ఆ తేదీ వెనక ఏముందో తెలుసుకోండి

ప్రతి గడువు వెనకా ఒక భయమో, ఒక ఆదాయమో ఉంటుంది. అది తెలియకుండా బేరం మొదలుపెడితే మీరు తేదీ గురించి మాట్లాడుతుంటారు, ఆయన ఇంకేదో గురించి మాట్లాడుతుంటాడు.

లీడ్ నేరుగా లాడ్జికి వెళ్లి కౌంటర్ దగ్గర కూర్చుంది. యజమాని వచ్చాక ఒకే ప్రశ్న అడిగింది: "పోయిన బ్రహ్మోత్సవాలకు ఏం ఇబ్బంది అయింది సార్?"

"ఏముందిమ్మా, గరుడ సేవ రాత్రి ఒకే రూము ఇద్దరికి చెప్పినారు. ఒకళ్లు ఫోన్‌లో చెప్పుకున్నోళ్లు, ఇంకొకళ్లు ఇట్ల కౌంటర్ కాడికి వచ్చినోళ్లు. పిల్లాజెల్లా పెట్టుకుని ఇద్దరూ ఈడనే కూర్చున్నారు. ఈసారి అట్ల కాకూడదు, అంతే నాకు కావల్సింది."

గరుడ సేవ బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు రాత్రి జరుగుతుంది, జనం అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఆ రోజే. అంటే ఆయన గడువు అసలు పది పనులది కాదు. ఒకే గదిని ఇద్దరికి ఇవ్వకుండా చూడడం ఒక్కటే ఆ తేదీకి కచ్చితంగా కావాలి.

తర్వాతి ప్రశ్న ఇంకా పనికొచ్చింది. ఉత్సవాలకు వచ్చేవాళ్లు ఎలా బుక్ చేసుకుంటారని అడిగితే, ఎక్కువమంది ఏటా వచ్చేవాళ్లేననీ, ఫోన్ చేసి చెబుతారనీ, ఆ ఫోన్లు నెల ముందు నుంచే మొదలవుతాయనీ తేలింది. అంటే గదుల క్యాలెండర్ ధ్వజారోహణం నాటికి వచ్చినా ఆలస్యమే. అది నాలుగో వారానికే వాడుకలోకి రావాలి. వెబ్‌సైట్ కొంచెం వెనకైనా నష్టం లేదు.

అంటే గడువు తీసి పక్కన పెట్టినా, క్లయింట్ చెప్పిన వరుస ఆయనకే పనికిరాదు. ఈ ఒక్క సంగతి తర్వాతి సంభాషణనంతా మార్చింది.

వెళ్లినప్పుడు అడగాల్సినవి:

- ఈ తేదీ దాటితే ఏ నష్టం, ఎవరికి?
- అదే తేదీకి ఒక్కటే ఇవ్వగలిగితే ఏది కావాలి?
- ఆ పని ఇప్పుడు ఎలా జరుగుతోంది? ఆ రిజిస్టర్ చూడొచ్చా?
- రోజూ దాన్ని వాడేది ఎవరు? వాళ్లకు నేర్పడానికి ఎప్పుడు కుదురుతుంది?

చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. రాత్రి షిఫ్ట్ కౌంటర్ కుర్రాడికి నేర్పకపోతే పగటి షిఫ్ట్ రాసిన లెక్క తెల్లారేసరికి పాడైపోతుంది.

3. మీ దగ్గరున్న మనిషి-రోజులు లెక్కగట్టండి

ఇప్పుడు ఆఫీసు పని. ఒక మనిషి ఒక రోజు చేసే పనిని ఒక మనిషి-రోజు అంటాం. ముందు చేతిలో ఎన్ని ఉన్నాయో చూడాలి, పని ఎంతో తర్వాత. తలకిందులుగా చేస్తే పనిని బట్టి మనుషులను సాగదీస్తాం.

ఎనిమిది వారాల్లో ఆఖరి వారం కొత్త కోడ్ పెట్టకూడదు. అది నేర్పడానికి, చిన్న తప్పులు సరిచేయడానికి. మిగిలింది ఏడు వారాలు. వారానికి అయిదు రోజుల్లో ఒక రోజు పాత క్లయింట్ల ఫోన్లకు పోతుంది, ఇది ఆ టీమ్‌లో ఎప్పుడూ ఉండేదే. నలుగురు, వారానికి నాలుగు రోజులు, ఏడు వారాలు: 112. వినాయక చవితి, ఇతర సెలవులకు 8 తీసేస్తే 104.

లీడ్ తనను తాను డెవలపర్‌గా లెక్కేసుకోలేదు. చాలా టీమ్‌లలో కాగితం మీద లెక్క సరిపోయి, పనిలో సరిపోకపోవడానికి లీడ్‌ను కూడా లెక్కలో వేయడమే కారణం.

తర్వాత పది పనులకు అంచనాలు. ఒక్క అంకె చెప్పమంటే డెవలపర్ ధైర్యంగా ఉన్న రోజు తక్కువ, నీరసంగా ఉన్న రోజు ఎక్కువ చెబుతాడు. అందుకే ప్రతి పనికీ మూడు అంకెలు అడగండి: అన్నీ కలిసొస్తే, మామూలుగా, అన్నీ అడ్డం తిరిగితే. మధ్య అంకెను నాలుగుతో హెచ్చవేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి.

వెబ్‌సైట్ బుకింగ్‌కు వాళ్లు చెప్పినవి 22, 28, 46. లెక్క ఇలా:

```
(22 + 4×28 + 46) / 6 = 30
```

తప్పులు సరిచేసే సమయం కూడా ఇందులోనే కలిసింది. ఇలా పదింటికీ వేస్తే వచ్చినవి:

- గదుల క్యాలెండర్: 18
- కౌంటర్: 22
- జీఎస్టీ బిల్లు: 12
- వెబ్‌సైట్ బుకింగ్, చెల్లింపు: 30
- ఎస్సెమ్మెస్‌లు: 8
- రద్దు, రీఫండ్: 14
- ట్రావెల్ సైట్లు: 32
- ఆడిటర్ రిపోర్టులు: 14
- శుభ్రం చేసేవాళ్ల పట్టిక: 14
- యజమాని యాప్: 30

మొత్తం 194. చేతిలో ఉన్నది 104. శనివారాలు కూడా రప్పిస్తే? వారానికి అయిదు రోజులు దొరుకుతాయి, సెలవులు పోను 132. అప్పటికీ చాలదు. ఈ శనివారాల లెక్క ముందే వేసి పెట్టుకోండి. మేనేజర్ నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే.

4. మనుషులను పెంచినా తగ్గని ఎదురుచూపులు విడిగా రాయండి

గడువు బేరంలో అన్నిటికంటే బలమైన కాగితం ఇదే, ఎందుకంటే ఇక్కడ మీ సామర్థ్యం మీద ఎవరూ వాదించలేరు. కొన్ని పనులు మీ చేతిలో ఉండవు.

ఈ ప్రాజెక్టులో అలాంటివి రెండు. మొదటిది వెబ్‌సైట్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే. లాడ్జి యజమాని పాన్, బ్యాంకు ఖాతా, జీఎస్టీ పత్రాలు ఇచ్చి కేవైసీ పూర్తయితే గానీ నిజమైన డబ్బు తీసుకోవడానికి వీలుండదు. పత్రాల్లో పేరు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంటే వెనక్కి వస్తుంది. ఇక్కడ మూడు లాడ్జిల్లో ఒకటి ఆయన భార్య పేరు మీద ఉంది, అంటే దానికి వేరే దరఖాస్తు.

రెండోది ఎస్సెమ్మెస్. ట్రాయ్ నిబంధనల ప్రకారం వ్యాపార సంస్థ పంపే సందేశానికి పంపేవాళ్ల హెడర్, సందేశం నమూనా రెండూ ముందుగా టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదు కావాలి. నమూనాలో పేరు, తేదీ లాంటి మారే భాగాలను వాళ్లు చెప్పిన పద్ధతిలో గుర్తించకపోతే తిరస్కరిస్తారు, మళ్లీ మొదటి నుంచి.

ఇలాంటివాటికి మూడు గడులు చాలు: ఏం కావాలి, ఎవరు ఇవ్వాలి, ఏ తేదీ దాటితే మన పని ఆగుతుంది. గేట్‌వేకు అయిదో వారం చివర అని రాసుకుంది లీడ్. ఆ పత్రాలు ఇవ్వాల్సింది క్లయింటే కాబట్టి, గడువులో ఆయన వాటా కూడా కాగితం మీదికి వచ్చింది.

5. విడతలుగా కోయడం: అడ్డంగా కాదు, నిలువుగా

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. "మొదటి విడతలో స్క్రీన్లన్నీ, రెండో విడతలో డేటాబేస్, మూడో విడతలో బిల్లింగ్" అని కోస్తారు. అలా కోస్తే మూడో విడత పూర్తయ్యేదాకా క్లయింట్‌కు దేనికీ పనికిరాదు. ఇంట్లో అన్ని గదులకూ ముందు గోడలే లేపుకుంటూ పోతే వాన పడిన రోజు తల దాచుకోవడానికి ఒక్క గది కూడా ఉండదు.

ప్రతి విడతకూ ఒకటే పరీక్ష: ఇక్కడితో ప్రాజెక్టు ఆగిపోయినా, దీన్ని ఆయన రేపు పొద్దున వాడుకోగలడా? వాడుకోలేకపోతే అది విడత కాదు, సగం పని.

ఆ పరీక్షతో కోస్తే మొదటి విడత ఇలా వచ్చింది: ఫోన్‌లో బుక్ చేసుకున్న మనిషి కౌంటర్‌కు వచ్చి, గది తీసుకుని, బిల్లు కట్టి వెళ్లేదాకా మొత్తం దారి. క్యాలెండర్ 18, కౌంటర్ 22, బిల్లు 12, వెబ్‌సైట్ 30, ఎస్సెమ్మెస్ 8. మొత్తం 90. దానికి తోడు యజమాని కోసం ఈ పూట ఏ లాడ్జిలో ఎన్ని గదులు ఖాళీ అని చూపించే ఒక్క పేజీ, 3 రోజులు. 104లో ఇంకా 11 మిగిలాయి. ఆ పదకొండునూ పనితో నింపకండి. ఏదో ఒకటి తప్పకుండా మర్చిపోయి ఉంటాం.

మొదటి విడతలోనూ రెండు మెట్లు పెట్టింది. నాలుగో వారం చివర, క్యాలెండర్, కౌంటర్ మూడు లాడ్జిల్లో చిన్నదానిలో మొదలు. ఏడో వారం చివర మిగతావి, మూడింటిలో.

ఇప్పుడు తీసేసిన పనుల సంగతి. "రెండో విడతలో ఇస్తాం" అంటే సరిపోదు. అప్పటిదాకా ఆ పని చేత్తో ఎలా జరుగుతుందో రాసి ఇవ్వాలి. లీడ్ రాసినవి:

- రద్దు, రీఫండ్: గేట్‌వే సైట్‌లోకి వెళ్లి లాడ్జి మేనేజర్ చేత్తో తిరిగి పంపుతాడు. క్యాలెండర్‌లో గది వదిలే బటన్ మాత్రం మొదటి విడతలోనే ఉంటుంది. అది లేకపోతే డబ్బు తిరిగి వెళ్తుంది, గది ఖాళీగానే పడి ఉంటుంది.
- ట్రావెల్ సైట్లు: 120లో 15 గదులు వాటికే వదిలి, మన క్యాలెండర్‌లో తాళం వేస్తారు. ఆ పదిహేను అక్కడే అమ్ముడవుతాయి, మిగతావి అక్కడ కనిపించవు. కొంత అమ్మకం పోవచ్చు, కానీ ఒకే గది ఇద్దరికి వెళ్లదు.
- ఆడిటర్ రిపోర్టులు: నెలాఖరున బిల్లుల జాబితాను ఎక్సెల్‌గా ఇస్తారు.
- విదేశీ అతిథులు: వాళ్లు దిగిన 24 గంటల్లో ప్రభుత్వ సైట్‌లో ఇవ్వాల్సిన వివరాలు ఇప్పటిలాగే చేత్తో నింపుతారు. మన సాఫ్ట్‌వేర్ వాటిని ముట్టుకోదు.

దేన్ని తీయకూడదో కూడా చూసుకోవాలి. మేనేజర్ మొదట "బిల్లు తర్వాత చూద్దాం, పుస్తకంలో రాస్తారు" అన్నాడు. లీడ్ ఒప్పుకోలేదు. చెక్-అవుట్ దగ్గర చేతి బిల్లు రాస్తే గది ఖాళీ అయిందని సిస్టమ్‌కు చెప్పడం మానేస్తారు, క్యాలెండర్ మళ్లీ అబద్ధం చెబుతుంది. చట్టం, డబ్బు, గది లెక్క ఈ మూడింటిలో దేన్ని తాకినా ఆ పని మొదటి విడతలో ఉండాల్సిందే.

అయితే బిల్లు సాదాగా ఉండొచ్చు. ఒక్క జాగ్రత్త చాలు: పన్ను రేటును కోడ్‌లో పాతిపెట్టకూడదు, ఏ తేదీ నుంచి ఏ రేటో ఒక పట్టికలో పెట్టాలి. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పట్టికలో పెట్టుకున్నవాళ్లకు అది ఒక వరుస మార్పు.

రెండో విడత: రద్దు-రీఫండ్, ట్రావెల్ సైట్లు, ఆడిటర్ రిపోర్టులు, మొత్తం 60. ఉత్సవాలయ్యాక రెండు వారాలు తప్పుల సవరణకు వదిలి, తర్వాత అయిదు వారాలు. ముక్కోటి ఏకాదశి రద్దీకి ముందే వస్తుంది. మూడో విడత: శుభ్రం చేసేవాళ్ల పట్టిక, మొబైల్ యాప్, మొత్తం 44. సంక్రాంతి తర్వాత.

6. ముందు మీ మేనేజర్, తర్వాతే క్లయింట్

క్లయింట్ ముందు మేనేజర్‌ను కాదనడం మీ ఉద్యోగానికీ మంచిది కాదు, ప్రాజెక్టుకూ మంచిది కాదు. పైగా ఆయన ఒక మాట ఇచ్చి ఉన్నాడు, దాన్నుంచి ఆయన గౌరవంగా బయటికొచ్చే దారి మీరే చూపాలి.

ఆ గదిలో జరిగింది దాదాపు ఇలా:

"శనాదివారాలు పెట్టుకుంటే కాదా?"

"శనివారాలు వేసి చూశాను సార్, 132 వస్తుంది. పని 194. ఆదివారాలు కూడా వేస్తే మూడో వారానికి ఇద్దరు సెలవు పెడతారు."

"బెంగళూరు నుంచి ఇద్దర్ని అడుగుతా."

"అడగండి సార్, రెండో విడతకు పనికొస్తారు. ఇప్పుడొస్తే మొదటి రెండు వారాలు మనవాళ్లే పని ఆపి వాళ్లకు నేర్పాలి. గేట్‌వే కేవైసీ మాత్రం ఎంతమంది వచ్చినా ముందుకు జరగదు."

"నేను సరే అని చెప్పేశానే."

"మీరు చెప్పింది ధ్వజారోహణానికి లాడ్జి సిస్టమ్‌లో నడుస్తుందనే కదా సార్. అది నడుస్తుంది. అంతకంటే ముందే, నాలుగో వారానికే ఒక లాడ్జి మొదలవుతుంది. మిగతావి ఎప్పుడో కూడా చెబుదాం."

చివరి జవాబు గమనించండి. మేనేజర్ మాట తప్పినట్టు కాకుండా, ఆ మాటను కుదించి నిలబెట్టింది.

మేనేజర్ అసలు టెన్షన్ వేరే: సగం డబ్బు అడ్వాన్స్, సగం చివర అని ఒప్పందం. విడతలంటే ఆ చివరి సగం ఫిబ్రవరికి పోతుంది. దీనికి జవాబు లేకుండా వెళ్లకండి. లీడ్ ప్రతిపాదించింది: అడ్వాన్స్ 30 శాతం, మొదటి విడతకు 30, రెండో దానికి 25, మూడో దానికి 15. ఉత్సవాల నాటికి కంపెనీకి 60 శాతం చేరుతుంది, పాత ఒప్పందమే ఉంచితే అప్పటికి చేతికొచ్చేది 50. మేనేజర్ అప్పుడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

7. క్లయింట్ ముందు: కాదన్న మాట ఒక్కసారి, స్పష్టంగా

సమావేశం లాడ్జిలోనే పెట్టుకోండి. కౌంటర్, రిజిస్టర్ కళ్లెదురుగా ఉంటే మాటలు నేల మీద ఉంటాయి. వరుస ఇది:

1. ఆయన సమస్యను ఆయన మాటల్లోనే చెప్పండి.
2. ఆ తేదీకి ఖాయంగా వచ్చేది చెప్పండి.
3. రానిది చెప్పండి, మెత్తబరచకుండా.
4. రానిదాని బదులు ఆ రోజుల్లో పని ఎలా జరుగుతుందో చూపండి.
5. రెండే దారులు ఇచ్చి ఎంచుకోమనండి.

లీడ్ మాటలు: "గరుడ సేవ రాత్రి ఒకే రూము ఇద్దరికి వెళ్లకూడదు, అది ఖాయం సార్. దానికి కావల్సినవి నాలుగో వారం నుంచి మీ చేతిలో ఉంటాయి. పది పనులూ ధ్వజారోహణానికి కావు. తెస్తామని ఎవరైనా చెబితే అవి పరీక్షించకుండా తెచ్చినవే అవుతాయి. మీకు రెండు దారులున్నాయి. పదీ ఒకేసారి కావాలంటే పద్నాలుగు వారాలు, ఈ ఉత్సవాలు పుస్తకం మీదే. లేదా అయిదు ముందు, మిగతా అయిదు తర్వాత."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. యాప్ కావాలన్నాడు. "నేను ఇంట్లో కూర్చుని చూసుకోవల్ల కదమ్మా, రూములు ఎన్ని నిండినాయో?" లీడ్ ఆ ఒక్క పేజీ నమూనాను తన ఫోన్‌లో తెరిచి చూపించింది. మూడు లాడ్జిల పేర్లు, నిండినవి, ఖాళీవి. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని రెండు సార్లు కిందికీ పైకీ జరిపి, "ఇది చాలు ఇప్పటికి" అన్నాడు.

అందుకే రానిదాని బదులు ఏమిస్తారో మాటల్లో చెప్పకండి, చూపించండి. చేత్తో గీసిన కాగితమైనా సరే.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. క్లయింట్ "సరే, ఇంకొక్కటి కలుపు" అంటాడు. ఆ రోజు ఆయన అడిగింది ట్రావెల్ సైట్లు. జవాబు ముందే సిద్ధంగా ఉండాలి: "కలుపుదాం సార్, వెబ్‌సైట్‌ను వెనక్కి జరుపుదామా? రెండిటి బరువు దాదాపు ఒకటే." ఏది తీయాలో ఆయనే చెప్పాలి, మీరు కాదు. ఆయన వెబ్‌సైట్‌నే ఉంచుకున్నాడు.

8. అదే రోజు మెయిల్ పంపండి

మాట మీద నడిచిన ఒప్పందం మూడో వారానికి ఎవరికి గుర్తున్నట్టు వాళ్లకు మారిపోతుంది. మెయిల్ చిన్నగా ఉండాలి, ఫోన్‌లో చదివేంత. లీడ్ పంపినది:

"నమస్కారం సార్. ఈ రోజు అనుకున్నవి ఇవి.

మొదటి విడత: క్యాలెండర్, కౌంటర్ నాలుగో వారం శుక్రవారానికి చిన్న లాడ్జిలో. బిల్లు, వెబ్‌సైట్, ఎస్సెమ్మెస్ ఏడో వారం శుక్రవారానికి మూడింటిలో.

ఆ తర్వాత ఉత్సవాలు ముగిసేదాకా కొత్తవేమీ కలపం, తప్పులు మాత్రమే సరిచేస్తాం.

మీ వైపు నుంచి: గేట్‌వే పత్రాలు ఈ శనివారానికి. అయిదో వారం చివరికి కేవైసీ రాకపోతే వెబ్‌సైట్‌లో డబ్బు కట్టే భాగం ఉండదు, గది అడిగి ఫోన్ నంబర్ ఇచ్చే భాగం మాత్రమే ఉంటుంది.

రెండో విడత, మూడో విడత, అప్పటిదాకా చేత్తో చేసే పనులు జతచేసిన పట్టికలో ఉన్నాయి. మధ్యలో కొత్త పని వస్తే, అంతే బరువున్న పని ఒకటి తర్వాతి విడతకు వెళ్తుంది.

సరేనని ఒక్క మాట జవాబివ్వగలరు."

పంపే ముందు చూసుకోండి:

- ప్రతి విడతకూ తేదీ, స్థలం రెండూ ఉన్నాయా?
- "పూర్తయింది" అనడానికి గుర్తు ఏమిటో రాశామా? (ఇక్కడ: కౌంటర్ కుర్రాడు మా సాయం లేకుండా పది బుకింగులు చెక్-అవుట్ దాకా తీసుకెళ్లడం.)
- క్లయింట్ ఆలస్యం చేస్తే ఏది ఆగుతుందో ఉందా?
- డబ్బు ఏ విడతకు ఎంతో మేనేజర్ విడిగా పంపాడా?

9. మొదటి విడత నడుస్తుండగా

విడత జారిపోతోందని రెండో వారం చివరికే కనిపెట్టొచ్చు. "ఎంత శాతం అయింది?" అని అడగకండి, అందరూ ఎనభై అంటారు. ఒక్క బుకింగ్‌ను ఫోన్ నుంచి చెక్-అవుట్ దాకా మీ ఎదురుగా నడిపించమనండి. మధ్యలో ఎక్కడ ఆగితే అక్కడే పని ఉన్నట్టు. డిజైన్ అందంగా లేకపోయినా ఫర్వాలేదు.

మూడో వారంలో యజమాని అదనపు మంచం ఛార్జీ గురించి అడిగాడు. ఇది కొత్త కోరికా, మర్చిపోయిన పనా? బిల్లు అది లేకుండా తప్పు అవుతుంది కాబట్టి మర్చిపోయిన పనే. మిగిల్చిన పదకొండు రోజుల్లోంచి మూడు తీశారు. అదే వారం వెబ్‌సైట్‌లో గదుల ఫొటోలు కదలాలన్నాడు. అది రెండో విడత జాబితాలోకి వెళ్లింది.

ఎస్సెమ్మెస్ నమూనా ఒకసారి వెనక్కి వచ్చింది, ఏడో వారానికి అనుమతి వచ్చేలా కనిపించలేదు. కౌంటర్ ఫోన్ నుంచి వాట్సాప్‌లో చేత్తో పంపే సందేశం రాసిచ్చి, ఆ సంగతి అయిదో వారంలోనే యజమానికి చెప్పారు. ఆలస్యాన్ని గడువు రోజు చెబితే కోపం వస్తుంది. రెండు వారాల ముందు చెబితే వేరే దారి వెతుకుతారు.

అసలు చిక్కు చిన్న లాడ్జిలో వచ్చింది. రాత్రి షిఫ్ట్ వాళ్లు అలవాటు కొద్దీ రిజిస్టర్‌లో రాసి, సిస్టమ్‌లో తర్వాత ఎక్కిద్దామనుకున్నారు. రిజిస్టర్‌లో నిండిన గది స్క్రీన్ మీద ఖాళీగా కనిపించింది. దీన్ని కనిపెట్టింది రోజూ రాత్రి తొమ్మిదింటికి పెట్టిన సరిచూపు: రిజిస్టర్‌లో ఉన్న గదుల సంఖ్య, స్క్రీన్ మీది సంఖ్య, తాళాల బోర్డు మీద లేని తాళాల సంఖ్య, మూడూ కలవాలి. రెండు వారాలు కలవని రోజంటూ లేకపోతేనే రిజిస్టర్ ఆపాలి. ఇక్కడ తాళాల బోర్డే నిజం చెప్పింది, ఎందుకంటే తాళం ఇవ్వకుండా ఎవరినీ గదిలోకి పంపరు.

10. రెండో విడత మొదలుపెట్టే ముందు

ఉత్సవాలు బాగా జరిగిపోయాయి కాబట్టి పాత జాబితా ప్రకారం ముందుకెళ్లిపోవాలనిపిస్తుంది. ఆగండి. మళ్లీ కౌంటర్ దగ్గర ఒక పూట కూర్చోండి. జాబితా రాసినప్పటికి ఎవరూ సిస్టమ్ వాడలేదు, ఇప్పుడు వాడారు.

ఆ పూట అడగాల్సినవి:

- చేత్తో చేస్తున్న పనుల్లో ఏది రోజూ విసిగిస్తోంది, ఏది నెలకు ఒకసారే వస్తోంది?
- ఇప్పటికీ పుస్తకంలో రాస్తున్నది ఏదైనా ఉందా, ఎందుకు?
- తర్వాతి రద్దీ ఎప్పుడు, దానికి ఎన్ని రోజుల ముందు కొత్తవి ఆపాలి?
- మొదటి విడతలో మన అంచనా ఏ పనికి ఎక్కువ తప్పింది?

ఈ లాడ్జిల్లో రీఫండ్లు అనుకున్నదానికంటే తక్కువ వచ్చాయి. ట్రావెల్ సైట్లకు తాళం వేసిన 15 గదులు మాత్రం మామూలు వారాల్లో ఖాళీగా మిగులుతున్నాయి. అందుకని ట్రావెల్ సైట్లు ముందుకు, రీఫండ్ వెనక్కి జరిగాయి. వెబ్‌సైట్ పని 30 అనుకుంటే 37 అయింది, చాలావరకు గేట్‌వే దగ్గరే. బయటి సంస్థ సాఫ్ట్‌వేర్‌తో కలిసే పనికి అంచనా తప్పుతోందని తెలిసింది కాబట్టి, ట్రావెల్ సైట్ల 32ను 40 చేసి, విడత గడువును ఆ మేరకు జరిపి, కొత్త మెయిల్ పంపారు. యాప్ మీద యజమాని ఇప్పటికీ ఏమీ తేల్చలేదు. మూడో విడత డబ్బు దానికే ముడిపడి ఉంది కాబట్టి, ఆ సంగతి సంక్రాంతికి ముందే మేనేజర్ మాట్లాడాల్సి ఉంది.